తేడా ఎంత దాటితే అడగాలి?

2022 నవంబర్ 3న భారతీయ రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ మామూలు వరసలో లేని సమావేశం ఒకటి జరుపుకుంది. వడ్డీ రేట్లు మార్చడం కోసం కాదు, కేంద్ర ప్రభుత్వానికి ఒక సంజాయిషీ నివేదిక పంపడం కోసం. ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర ఉండాలని, అటు 2 వరకు ఇటు 6 వరకు ఊగినా ఫర్వాలేదని 2016లోనే నిర్ణయమైంది. సగటు ద్రవ్యోల్బణం వరసగా మూడు త్రైమాసికాలు ఆ పరిధి బయట ఉంటే రిజర్వు బ్యాంకు లక్ష్యం తప్పినట్టేనని నిబంధన. 2022 జనవరి నుంచి సెప్టెంబర్ వరకు మూడు త్రైమాసికాలూ 6 శాతం పైనే గడిచాయి. అలా తప్పినప్పుడు ఏం చెప్పాలో రిజర్వు బ్యాంకు చట్టం మూడు మాటల్లో తేల్చింది: ఎందుకు తప్పింది, ఏం చేయబోతున్నారు, ఎప్పటికి మళ్లీ దారిలోకి వస్తుంది.

సంస్థల్లో ప్రతి నెలా తయారయ్యే నివేదిక చేయవలసిన పనీ సరిగ్గా ఇదే. ఈ నెల ఇంత అమ్ముతాం, ఇంత ఖర్చవుతుంది అని ముందే వేసుకున్న అంచనా ఒక వరసలో ఉంటుంది. నెల గడిచాక పుస్తకాల్లో తేలిన అసలు అంకె పక్క వరసలో ఉంటుంది. రెండింటి మధ్య తేడా మూడో వరస. ఆఫీసుల్లో దీన్ని వేరియన్స్ అంటారు. తేడా లేని నెలంటూ ఉండదు. అందుకే, ఇంతవరకు వస్తే అడగం, ఇది దాటితే ఫైనాన్స్ వాళ్లు కూర్చోబెట్టి అడుగుతారు అని ముందే ఒక హద్దు గీసుకుంటారు. హద్దు దాటిన ప్రతి పద్దు పక్కన ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తు పడ్డవాటి మీదే చర్చ.

చెప్పడానికి ఇంతే. చాలా చోట్ల ఈ పని ఒక తంతుగా ఎందుకు మిగిలిపోతుందో, గుర్తు పడాల్సిన చోట పడకుండా ఎలా జారిపోతుందో తెలియాలంటే మాత్రం ఒక లెక్కను చివరిదాకా వేసి చూడాలి. ఒక మధ్యస్థాయి పాల డెయిరీని ఊహించుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే, అయితే వాటి నడక నిజం డెయిరీల నడకే.

నెల జూన్. ఎండాకాలం తోక, పచ్చిమేత ఇంకా రాలేదు, గేదెల పాలు తగ్గి ఉండే కాలం. ఆ నెలకు డెయిరీ వేసుకున్న అంచనా ఇది. రైతుల దగ్గర రోజుకు 40 వేల లీటర్ల చొప్పున నెలకు 12 లక్షల లీటర్లు, సగటున లీటరు 46 రూపాయలకు కొంటాం. అంటే 5 కోట్ల 52 లక్షలు. పాలు చాలని రోజుల్లో కలుపుకోవడానికి పాలపొడి, వెన్న కలిపి 20 లక్షలు. ట్యాంకర్ల రవాణా 30 లక్షలు. కరెంటు 18 లక్షలు. అమ్మకాలు 12.5 లక్షల లీటర్లు, లీటరుకు 58 రూపాయల చొప్పున 7 కోట్ల 25 లక్షలు. జీతాలు, ప్యాకింగ్ లాంటివి ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఈ నాలుగు ఖర్చులూ పోను 1 కోటి 5 లక్షలు మిగలాలి.

ఒప్పుకున్న హద్దు: తేడా 5 శాతం దాటాలి, నాలుగు లక్షల రూపాయలు కూడా దాటాలి. రెండూ దాటితేనే గుర్తు. రెండు షరతులు ఎందుకంటే, ఒక్క శాతమే పెట్టుకుంటే చిన్న పద్దులన్నీ గగ్గోలు పెడతాయి. స్టేషనరీకి 20 వేలు అనుకున్నది 40 వేలయితే నూరు శాతం తేడా, దాని మీద మేనేజర్ల అరగంట పోగొట్టుకోవడం దండగ. ఒక్క రూపాయలే పెట్టుకుంటే పెద్ద పద్దులన్నీ ప్రతి నెలా గుర్తు తెచ్చుకుంటాయి. స్ప్రెడ్‌షీటులో అంచనా B వరసలో, అసలు C వరసలో ఉంటే సూత్రం ఇలా ఉంటుంది:

```
=IF(AND(ABS(C2-B2)>400000, ABS(C2-B2)>0.05*ABS(B2)), "REVIEW", "")
```

ఇందులో రెండు చిన్న జాగ్రత్తలున్నాయి. శాతం కోసం అంచనాతో భాగించకుండా, అంచనాను 0.05తో గుణించి పోల్చాం. అంచనా సున్నా ఉన్న పద్దును భాగిస్తే షీటు ఎర్రర్ చూపిస్తుంది, అసలు అనుకోకుండా వచ్చిపడ్డ ఖర్చే అక్కడ గుర్తు తప్పించుకుంటుంది. రెండోది ABS. ఖర్చు పెరిగినా తగ్గినా, అమ్మకం తగ్గినా పెరిగినా తేడా తేడాగానే చూడమని దాని అర్థం. మంచి తేడాను ఎందుకు అడగాలన్న ప్రశ్నకు జవాబు కాసేపట్లో ట్యాంకర్ల దగ్గర దొరుకుతుంది.

జూన్ ముగిసింది. అసలు అంకెలు వచ్చాయి. పాల కొనుగోలు 5 కోట్ల 44 లక్షల 50 వేలు. అంచనా కంటే ఏడున్నర లక్షలు తక్కువ, శాతంలో చూస్తే ఒకటిన్నర కూడా లేదు. గుర్తు పడలేదు. అమ్మకాలు 7 కోట్ల 13 లక్షల 40 వేలు, 1.6 శాతం తక్కువ. గుర్తు పడలేదు. కరెంటు 18 లక్షల 60 వేలు, అదీ హద్దులోనే. రవాణా 23 లక్షలు, ఏడు లక్షలు ఆదా. గుర్తు పడింది, కానీ మంచి గుర్తు. పాలపొడి, వెన్న 52 లక్షలు. 20 అనుకున్నది 52. ఇది ఎర్రగా వెలిగింది.

పై రెండు పెద్ద పద్దులూ ప్రశాంతంగా కనిపిస్తున్నాయి కాబట్టి, ఎవరో స్టోర్సులో పొడి ఎక్కువ వాడేశారని అనుకోవడం తేలిక. ఫైనాన్స్ మేనేజర్ పాల సేకరణ మేనేజర్‌ని పిలిచి అడిగితే జరిగే సంభాషణ వేరేగా ఉంటుంది.

"పౌడరు ముప్ఫై రెండు లక్షలు ఎక్కువ పోయిందేంటి సార్?"

"పాలు రాలేదు మేడమ్. లక్ష లీటర్లు తగ్గాయి. ప్యాకెట్లు ఆపేస్తే ఏజెంట్లు పోతారు. పౌడరు, బటరు కలిపి ఎనభై వేల లీటర్లు లాగాం."

"మరి పాల ఖర్చు తగ్గలేదే?"

"ఒకటో తారీఖున పక్క డెయిరీ లీటరుకు నాలుగు రూపాయలు పెంచింది. మనం పదో తారీఖున అయిదు పెంచాం. ఆలోపే కొన్ని సెంటర్లు అటు వెళ్లిపోయాయి."

ఎనభై వేల లీటర్లకు 32 లక్షలన్నది సరిపోయే మాటేనా? ఫైనాన్స్ వాళ్లు ఇక్కడే ఒక లెక్క వేసి చూసుకోవాలి. టోన్డ్ పాలలో కనీసం 3 శాతం వెన్న, 8.5 శాతం వెన్న కాని ఘనపదార్థాలు ఉండాలని ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. ఎనభై వేల లీటర్లంటే బరువులో 82 టన్నులకు పైచిలుకు. దానికి సుమారు ఏడున్నర టన్నుల పాలపొడి, మూడు టన్నుల వెన్న కావాలి. పొడి కిలో 250, వెన్న కిలో 430 దగ్గర పట్టుకుంటే 31 లక్షలు దాటుతుంది. మాట అంకెతో కలిసింది. కలవకపోయి ఉంటే ప్రశ్న ఇంకా మిగిలి ఉండేది: పొడి ఎటు పోయింది?

ఇప్పుడు ప్రశాంతంగా కనిపించిన పాల పద్దును విప్పి చూద్దాం. కొన్నవి 11 లక్షల లీటర్లు, సగటు ధర 49.50. అంచనా 12 లక్షల లీటర్లు, 46 రూపాయలు. లీటర్లు తగ్గినందుకు లక్ష లీటర్లు, ఒక్కోదానికి 46 రూపాయల చొప్పున 46 లక్షలు తక్కువ ఖర్చయింది. ధర పెరిగినందుకు 11 లక్షల లీటర్ల మీద మూడున్నర చొప్పున 38 లక్షల 50 వేలు ఎక్కువ ఖర్చయింది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలింది ఆ ఏడున్నర లక్షలు. లీటర్లలో 8 శాతానికి పైగా తేడా, ధరలో ఏడున్నర శాతానికి పైగా తేడా. రెండూ హద్దు దాటినవే. ఎదురెదురుగా ఉండడం వల్ల ఒకదాన్నొకటి కప్పేసుకుని, పైకి ఒకటిన్నర శాతం కూడా లేని అమాయకమైన అంకెగా కనిపించాయి.

నెల మొత్తం ఫలితం చూస్తే ఈ కప్పివేత ఖరీదు తెలుస్తుంది. అమ్మకాల్లో 11.6 లక్షలు తగ్గింది, పొడిలో 32 లక్షలు పెరిగింది, కరెంటులో 60 వేలు పెరిగింది. పాలలో 7.5 లక్షలు, రవాణాలో సరిచేశాక రెండున్నర లక్షలు కలిసొచ్చాయి. 1 కోటి 5 లక్షలు మిగలాల్సిన చోట 70 లక్షల 80 వేలు మిగిలింది. మూడో వంతు పోయింది. అందుకు మూలకారణమైన పద్దు మీద మాత్రం గుర్తు పడలేదు, దాని తర్వాతి గొలుసులో ఉన్న పొడి మీద పడింది. గోదాములో పొడి నిల్వ లేకపోయి ఉంటే ఆ గుర్తు కూడా పడేది కాదు, అమ్మకాలు నేరుగా పడిపోయేవి.

అందుకే పెద్ద పద్దుకు రూపాయల హద్దు ఒక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం. ధర ఒకటి, పరిమాణం ఒకటి ఉన్న ఏ పద్దుకైనా, రెండింటికీ వేర్వేరుగా అంచనా, వేర్వేరుగా హద్దు ఉండాలి. డెయిరీకి పాలు, నూలు మిల్లుకు పత్తి, లారీ కంపెనీకి డీజిల్, ఆస్పత్రికి పడకల రోజులు. సంస్థలో ఇలాంటి పద్దులు నాలుగైదుకు మించవు. నివేదికలో అరవై పద్దులుంటే మిగతావాటికి మామూలు హద్దు సరిపోతుంది.

ఇక ట్యాంకర్ల సంగతి. 30 లక్షలు అనుకున్నది 23 లక్షలకే అయింది. పాలు తగ్గాయి కాబట్టి రవాణా తగ్గింది అని ఎవరైనా వెంటనే అంటారు, వినడానికి బాగుంటుంది కూడా. ఈ డెయిరీ ట్యాంకర్ల వాళ్లకు లీటరుకు రెండున్నర రూపాయలు ఇస్తుంది. 11 లక్షల లీటర్లకు 27 లక్షల 50 వేలు కావాలి. 23 లక్షలంటే లీటరుకు రెండు రూపాయల తొమ్మిది పైసలు. రేటు ఎవరూ తగ్గించలేదు. అంటే నాలుగున్నర లక్షల పని జరిగింది, బిల్లు రాలేదు. నెలాఖరు ట్రిప్పుల బిల్లు జూలై ఆరో తారీఖున వస్తుంది, అప్పటికి జూన్ పుస్తకాలు మూసేశారు. వచ్చిన సేవకు బిల్లు రాకపోయినా ఆ నెలలోనే ఖర్చు కింద ప్రొవిజన్ రాయాలి. రాయకపోతే జూన్ అందంగా ఉంటుంది, జూలై ఆ నాలుగున్నర లక్షలూ మోస్తుంది. జూలై నివేదికలో రవాణా ఎందుకు పెరిగిందని మరో విచారణ నడుస్తుంది, దానికీ ఎవరో ఒక కారణం రాస్తారు. అది తప్పుడు కారణమే అవుతుంది.

మంచి తేడాకూ గుర్తు పెట్టాలనడం ఇందుకే. నెలవారీ నివేదికలో కనిపించే ఆదాల్లో ఎక్కువ భాగం ఆదాలు కావు. రాని బిల్లులు, వాయిదా పడ్డ రిపేర్లు, భర్తీ కాని ఉద్యోగాలు. పాల బిల్లులకూ ఇదే ఇబ్బంది ఉంది. రైతులకు పది, పదిహేను రోజులకోసారి చెల్లింపులుంటాయి. చివరి గడువు బిల్లు తర్వాతి నెల మొదటి వారంలో తయారవుతుంది. ఆ రోజుల పాలను ఈ నెల ఖర్చులో పట్టుకున్నామా లేదా అన్నది నివేదిక చూసేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న. రవాణాకు ప్రొవిజన్ రాశాక అంచనాకు తేడా రెండున్నర లక్షలే మిగిలింది. శాతంలో 8 దాటినా రూపాయల్లో హద్దు లోపలే ఉంది కాబట్టి గుర్తు దానంతటదే తొలగిపోయింది.

కరెంటు పద్దు ఇంకో రకం. 18 లక్షలకు 18.6 లక్షలు, 3.3 శాతం ఎక్కువ. ఒక్క నెలకు ఇది ఏమీ కాదు. కానీ వెనక్కి తిరిగి చూస్తే జనవరి నుంచి ప్రతి నెలా మూడు శాతం అటూ ఇటూగా పైనే ఉందనుకోండి. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా గుర్తు పడలేదు, ఇక పడదు కూడా. చిల్లింగ్ ప్లాంటు కండెన్సర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటే కంప్రెసరు అదే చల్లదనానికి ఎక్కువ యూనిట్లు లాగుతుంది. అది ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదు, నెలనెలా పాకే జబ్బు. ఏ నెలకానెల చూసే హద్దుకు అది చిక్కదు.

దీనికి మందు ఫ్యాక్టరీల నాణ్యతా విభాగాల వాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. 1924లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్, ఉత్పత్తిలో సహజంగా వచ్చే ఊగిసలాటను, ప్రత్యేకమైన కారణంతో వచ్చే తేడాను విడదీయడానికి హద్దు గీతలున్న పటాన్ని ప్రవేశపెట్టారు. తర్వాత 1956లో అదే కంపెనీ అచ్చువేసిన చేతిపుస్తకం ఇంకొక నియమం చేర్చింది: హద్దు దాటకపోయినా సరే, వరసగా ఎనిమిది సార్లు నడిమి గీతకు ఒకే వైపు పడితే ఆగి కారణం వెతకాలి. నెలల లెక్కలో ఎనిమిది నెలలు ఆగడం కష్టమే. చాలా ఆఫీసుల్లో మూడు నెలలు వరసగా ఒకే వైపు ఉంటే అడగాలని పెట్టుకుంటారు. మూడు మరీ తక్కువ. ఏ కారణమూ లేకుండా, కేవలం యాదృచ్ఛికంగానే మూడు నెలలూ ఒకే వైపు పడే అవకాశం నాలుగింట ఒకటి. ఆరు నెలలకైతే అది ముప్ఫై రెండింట ఒకటికి పడిపోతుంది. నా మట్టుకు, సంవత్సరం మొదటి నుంచి కూడిన మొత్తం తేడాకు ఇంకో హద్దు పెట్టి, ఆరు నెలల వరసను కూడా గమనించడం సరైన పద్ధతి. ఈ డెయిరీలో నెలకు 60 వేలు కనిపించదు, ఆరు నెలల 3 లక్షల 60 వేలు కనిపిస్తుంది.

హద్దు ఎంత ఉండాలన్నది ఎవరి ఇష్టానికో వదిలే విషయం కాదు. గడిచిన రెండేళ్ల నివేదికలు తీసి, ఒక్కో పద్దులో అంచనాకు, అసలుకు మామూలు నెలల్లో ఎంత తేడా వచ్చిందో చూడాలి. జీతాల్లో తేడా ఒక శాతం కూడా ఉండదు, కాబట్టి అక్కడ 5 శాతం హద్దు పెడితే దొంగ జీతాల రిజిస్టరు కూడా దాటిపోతుంది. పండగల చుట్టూ తిరిగే నెయ్యి, స్వీట్ల అమ్మకాల్లో 15 శాతం ఊగడం మామూలే. దసరా, దీపావళి ఒక ఏడాది ఒకే నెలలో వస్తాయి, ఇంకో ఏడాది రెండు నెలల్లోకి విడిపోతాయి. పోయిన ఏడాది అక్టోబర్ చూసి ఈ ఏడాది అక్టోబర్ అంచనా వేసినవాళ్లకు హద్దు దాటడం ఖాయం. అది అమ్మకాల వాళ్ల తప్పు కాదు, అంచనా వేసినవాళ్ల తప్పు.

హద్దు మరీ బిగిస్తే ఏమవుతుందో నివేదికలోనే తెలిసిపోతుంది. అరవై పద్దుల్లో ముప్ఫై గుర్తులు పడతాయి, ముప్ఫై కారణాలు రాయాలి, రాసేవాళ్లు పోయిన నెల వాక్యాన్ని కాపీ చేసి అతికిస్తారు. "ధరల పెరుగుదల వల్ల", "మార్కెట్ పరిస్థితుల వల్ల", "సీజన్ ప్రభావం వల్ల". ఈ మూడు మాటలు నెలనెలా ఒకే పద్దు పక్కన కనిపిస్తుంటే అక్కడ సమీక్ష జరగడం లేదని అర్థం. కారణం అంటే అంకె ఉండాలి, తేదీ ఉండాలి, తర్వాత ఏమవుతుందో ఉండాలి. జూన్ నెలకు పాల సేకరణ మేనేజర్ రాయాల్సింది ఇలా ఉంటుంది:

"పోటీ డెయిరీ జూన్ 1న లీటరుకు 4 రూ. పెంచినందున సేకరణ లక్ష లీటర్లు తగ్గింది. జూన్ 10 నుంచి మనం 5 రూ. పెంచాం. ఆ లోటులో 80 వేల లీటర్లు పొడి, వెన్నతో పూడ్చినందుకు 32 లక్షలు అదనం. పెంచిన ధర జూలైలోనూ కొనసాగుతుంది. వెళ్లిన సెంటర్లలో సగం జూలై 15 నాటికి తిరిగి వస్తాయని అంచనా."

ఇందులో అన్నిటికంటే విలువైన వాక్యం ధర కొనసాగుతుందన్నది. జూన్ సగటు ధర 49.50 అని చూసి, జూలై అంచనాలో అదే అంకె వేసేవాళ్లు ఎక్కువ. కానీ జూన్‌లో మొదటి తొమ్మిది రోజులు పాత ధర, మిగతా 21 రోజులే కొత్త ధర. ముప్ఫై రోజుల్లో 21 రోజులు 5 రూపాయలు పెరిగితే సగటున మూడున్నర పెరిగినట్టు కనిపిస్తుంది. జూలైలో మొదటి రోజు నుంచే 51 రూపాయలు. 49.50 వేసుకుంటే, 11 లక్షల లీటర్లే వచ్చినా జూలై అంచనా పదహారున్నర లక్షలు తక్కువ పడుతుంది. జూలై చివర్లో మళ్లీ తేడా వస్తుంది, మళ్లీ కారణం రాస్తారు. పెంచిన తేదీ తెలియకుండా సగటును పట్టుకుని ముందుకు పోవడం నెలవారీ నివేదికల్లో చాలా మామూలుగా జరిగే పొరపాటు.

ఇక్కడ బడ్జెటుకూ అంచనాకూ ఉన్న తేడా ఒక్క మాటలో చెప్పాలి. బడ్జెట్ ఏడాదికోసారి బోర్డు ఒప్పుకున్నది, అది కదలదు. అంచనా నెలనెలా కొత్త సమాచారంతో మారుతుంది, మారాలి కూడా. జూలై అంచనాలో 51 రూపాయలు వేయడం తప్పు కాదు, అదే సరైనది. కానీ జూలై నెల మొదలయ్యాక ఆ నెల అంచనాను ముట్టుకోకూడదు. నెల మొదలయ్యే ముందే ఒక తేదీన అంచనాను తాళం వేసి, ఆ ప్రతిని ఫైనాన్స్ విభాగం విడిగా దాచాలి. ఇరవయ్యో తారీఖున పాలు తగ్గుతున్నాయని తెలిసి ఫైలులో 12 లక్షలను 11 చేస్తే, నెలాఖరుకు తేడాయే ఉండదు. ఎవరికీ గుర్తు పడదు. నివేదిక పచ్చగా ఉంటుంది, డెయిరీ డబ్బు పోయి ఉంటుంది. ఫైలు మార్పుల చరిత్ర చూస్తే ఇది బయటపడుతుంది, కానీ ఎవరైనా చూడాలి కదా.

హద్దు ఉందని తెలిసిన మనుషులు హద్దుకు తగ్గట్టు నడుచుకుంటారు, ఇది కూడా సమీక్ష చేసేవాళ్లు మరిచిపోకూడని విషయం. అమ్మకాల మేనేజర్ తను చేరుకోగలిగినదానికంటే తక్కువ అంచనా ఇస్తారు, ప్రతి నెలా దాటి చూపిస్తారు. ఖర్చుల మేనేజర్ ఎక్కువ అంచనా ఇచ్చి ప్రతి నెలా ఆదా చూపిస్తారు. ఆరు నెలల వరసను గమనించడంలో ఉన్న లాభం ఇక్కడ కూడా కనిపిస్తుంది. ఎప్పుడూ ఒకే వైపు పడే మంచి తేడా అంటే అంచనా నిజాయితీగా లేదన్నమాటే. ఇంకొందరు నెలాఖరు బిల్లును డ్రాయరులో ఉంచి తేడాను 4.8 శాతం దగ్గర ఆపుతారు. ఏడాది నివేదికలన్నీ ఒకచోట పెట్టి శాతాలను వరసగా పేరిస్తే, 4.5కూ 5కూ మధ్య గుంపుగా అంకెలు, 5 దాటాక ఖాళీ కనిపిస్తే అక్కడ ఏదో జరుగుతోంది. సహజమైన తేడాలు 5 దగ్గర అలా ఆగిపోవు.

మరి హద్దు దాటితే శిక్ష ఉండాలా? ఉండకూడదు. హద్దు దాటడం తప్పు అని ముద్ర వేసిన రోజున పై ఆటలన్నీ మొదలవుతాయి. పాల సేకరణ మేనేజర్ పక్క డెయిరీ ధర పెంచడాన్ని ఆపలేరు. జూన్ 1న పెంచిన సంగతి ఫైనాన్స్‌కు జూలై 8న నివేదికలో తెలియడం మాత్రం అడగాల్సిన విషయం. రోజుకు మూడు వేల లీటర్లకు పైగా తగ్గుతున్నాయని మొదటి వారంలోనే సేకరణ విభాగానికి తెలుసు. నెలవారీ నివేదికకు ఉన్న పెద్ద పరిమితి ఇదే, అది ఎప్పుడూ అయిదారు వారాలు ఆలస్యంగా మాట్లాడుతుంది. రోజు లీటర్లకు, ధరకు విడిగా ఒక వారపు హద్దు పెట్టుకున్న డెయిరీ పొడి సంచులు విప్పేముందే ధర గురించి నిర్ణయం తీసుకోగలుగుతుంది. అయిదు రూపాయలు పదో తారీఖున కాకుండా మూడో తారీఖున పెంచి ఉంటే ఎన్ని సెంటర్లు నిలబడేవో నెలవారీ అంకె చెప్పలేదు.

ఇదంతా పెద్ద కంపెనీల వ్యవహారం అనుకోనక్కరలేదు. పాల సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, సహకార మిల్లులు తమ సభ్యుల డబ్బుతోనే నడుస్తాయి. వాటి పాలకవర్గ సమావేశాలకు వచ్చే నెలవారీ లెక్కల్లో చాలాసార్లు రూపాయల మొత్తాలే ఉంటాయి, లీటర్లు ఉండవు, క్వింటాళ్లు ఉండవు, సగటు ధర ఉండదు. మీరు అలాంటి పాలకవర్గంలో సభ్యులైతే, వచ్చే సమావేశంలో కొనుగోలు పద్దును రెండుగా విడదీసి, పరిమాణం ఎంత, ధర ఎంత అని అంచనాతో పాటు చూపించమని అడగండి. నెల మొదటి తేదీకి ముందు తాళం వేసిన అంచనా ప్రతి ఎవరి దగ్గర ఉందో కూడా అడగండి. ఈ రెండూ మినిట్స్‌లో రాయించండి.